మూడు వలయాల దెబ్బ

కలప పరీక్షల గదిలో ఆమె ఒక్కర్తే పనిచేసేది. ఒకప్పుడు నలుగురు కూర్చున్న గదే. ఇద్దరు రిటైరయ్యారు, ఒకతను బదిలీ మీద వెళ్లాడు. మిగిలిన మూడు కుర్చీల మీద ఇప్పుడు ఫైళ్లు కూర్చున్నాయి. ఆఫీసులో అందరూ ఆమెను చెక్కల మేడం అంటారు. ఎదురుపడితే నమస్తే పెడతారు, తమ దారిన తాము పోతారు. పోయినేడు అమ్మ పోయాక ఇంట్లోనూ మాట్లాడేవాళ్లు లేరు. అన్నయ్య నెలకోసారి ఫోన్ చేసి, ఆరోగ్యం బాగుందా అని అడిగి, జవాబు పూర్తయ్యేలోపే ఉంటానంటాడు.

ఆ రోజు వచ్చిన ఫైల్లో ఒకే ఒక్క ఫొటో ఉంది. రోడ్డు పక్క చెట్టును మోకాలెత్తున కోసేసిన మోడు, పైన అడ్డంగా పెట్టిన కొలత టేపు. సంగతేమిటంటే, ఆ చెట్టు కొమ్మ విరిగి రెండు స్కూటర్ల మీద పడింది. కోసి చూస్తే లోపల ఓ పక్క పుచ్చిపోయి ఉంది. మూడేళ్ల కిందట చెత్త లారీ వెనక్కి వస్తూ ఈ చెట్టుకు తగిలిందని డ్యూటీ పుస్తకంలో డ్రైవరే స్వయంగా రాసుకున్నాడు. ఇంకేం, అతణ్ణి పని నుంచి పక్కన పెట్టారు. మోడును కూడా పైపు కోసం తవ్వి పారేశారు. ఇక మిగిలింది ఈ ఫొటోనే.

విచారణ చేస్తున్న ఆఫీసరు ఫోన్ చేశాడు. "ఏం లేదు మేడం, లారీ తగిలిన చోటి నుంచి నడిమిదాకా పెద్ద బీట కనిపిస్తోంది కదా. ఆ దెబ్బకే చెట్టు చీలి పుచ్చిందని ఒక్క ముక్క రాసి పంపండి, పనైపోతుంది."

"చూసి రాస్తానండి," అంది ఆమె.

ఫొటోను పెద్దది చేసింది. వలయాలు నడిమి చుక్క చుట్టూ ఒకదాన్నొకటి తాకకుండా పోతున్నాయి. ఎండాకాలం ఆకు రాల్చే జాతి కాబట్టి ఏడాదికొక గీత, దానికి తిరుగులేదు. రంపం పళ్లు వేసిన గీతలు మాత్రం ఈ వలయాలను లెక్కచేయకుండా ఒకే వంపుతో వరసగా అడ్డం పడ్డాయి. లెక్కపెట్టే ప్రోగ్రాము వాటిని కూడా వలయాలే అనుకుని వయసు అరవై అని చెప్పింది. ఆమె భూతద్దంతో, పెన్సిల్ చుక్కలతో మూడు వైపుల నుంచి లెక్కపెట్టింది. మూడు సార్లూ నలభై నాలుగే.

తర్వాత బీట. అది నడిమి నుంచి అంచుకు వలయాలను కోసుకుంటూ పోయింది. అంచు దగ్గర వెడల్పు, లోపలికి పోయేకొద్దీ సన్నం. బీట ఒక పెదవి మీద ఆగిన గీత రెండో పెదవి మీద సరిగ్గా అక్కడే మొదలవుతోంది. పెదవులు రెండూ కొత్త చెక్కలా పాలిపోయి ఉన్నాయి, ఎక్కడా మచ్చ లేదు. ఆరిపోయేటప్పుడు చెక్క ఇలాగే విచ్చుకుంటుంది. కానీ ఫొటో చెట్టు కోసిన తొమ్మిదో రోజుది. బీట ముందే ఉందని ఎవరైనా వాదిస్తే, తన మాటకు తోడుగా ఏదైనా ఉండాలి.

ఫైల్లో డ్రైవరు నెంబరు ఉంది. చేసింది.

"కోసిన రోజు ఎవరైనా ఫొటో తీశారా?"

"నేనే తీశాను మేడం. ఎందుకో తీయాలనిపించింది. రోజూ దాని నీడలోనే లారీ ఆపేవాణ్ణి."

ఫొటో వచ్చింది. అదే మోడు, అవే రంపపు గీతలు, మీద తడి ఆరని రంపపు పొట్టు. బీట లేదు.

మర్నాడు నాలుగింటికి డ్రైవరు నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, ఏమైనా తేలిందా?"

"రిపోర్టు పోకముందు చెప్పకూడదండి."

"సరే మేడం. తిన్నారా?"

ఆ ప్రశ్న ఆమెను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో. "తిన్నానండి," అని, "మీరు?" అంది.

"ఒక్కణ్ణే కదా, ఏదో ఒకటి."

అలా ఐదు రోజులు, నాలుగింటికి. కేసు గురించి ఒక ముక్క, మిగిలినదంతా ఊసుపోక కబుర్లు. లారీ బ్రేకులు ఎలా మూలుగుతాయో, తన గది పైకప్పు ఎక్కడ కారుతుందో అతను చెప్పేవాడు. ఖాళీ కుర్చీల సంగతి ఆమె చెప్పింది. ఎందుకు చెప్పానా అని ఇంటికెళ్లాక సిగ్గుపడింది కూడా. మర్నాడు మూడున్నరకే చేతిలో పని మందగించేది.

అసలు చిక్కు బెరడు దగ్గరే వచ్చింది. అంచున మూడు చోట్ల దెబ్బలున్నాయి. ఒకటి ఊడి వేలాడుతున్న బెరడు, కింద తెల్లటి చెక్క, మానిన మడత లేదు. కోసేటప్పుడు రంపం గొలుసు లాగి చీల్చింది. రెండోది లారీ తగిలిన వైపు, రెండు వేళ్ల వెడల్పు. అక్కడ వలయాలు రెండు పక్కల నుంచీ దెబ్బ మీదికి చుట్టుకుంటూ వచ్చి కలుసుకున్నాయి. దెబ్బ మీద పెరిగినవి మూడు. అంటే మూడేళ్లు. ఇది డ్రైవరుదే. లోపల చెక్క గట్టిగానే ఉంది.

మూడోది చెట్టు వెనకున్న గోడ వైపు, అరచేతి వెడల్పుది. దాని అంచుల్లో వలయాలు లావుపాటి పెదవుల్లా లోపలికి ముడుచుకున్నా ఇంకా కలవలేదు. లోపల నల్లబారిన చెక్క, పుచ్చు అక్కడి నుంచే మొదలై లోపలికి పాకింది. పెదవి మీద గీతలు లెక్కపెట్టింది. పదకొండు. మొదటి నాలుగూ వెంట్రుకల్లా సన్నం. చెట్టు ఆ నాలుగేళ్లూ ఎంత అవస్థపడిందో ఆమెకు కళ్లక్కట్టింది. ఆ దెబ్బ కొట్టిందెవరో మాత్రం వలయాలు చెప్పవు. డ్రైవరు ఉద్యోగంలో చేరి ఆరేళ్లే.

రిపోర్టు రాసింది. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి, ప్రతి వలయం మీదా ఎర్ర చుక్క పెట్టింది.

ఆఫీసరుకు మింగుడు పడలేదు. "అయితే లారీ తగల్లేదంటారా?"

"తగిలింది. అదీ రాశాను. తగిలిన చోటు మానింది. పుచ్చింది వేరే చోట."

నాలుగు రోజులకు డ్రైవరు మళ్లీ లారీ ఎక్కాడు. ఆ సాయంత్రం ఫోన్ చేశాడు.

"చాలా థ్యాంక్స్ మేడం." ఇంకేదో అడగాలని తటపటాయించాడు. "నా దెబ్బ నిజంగా మానిందా?"

"మానింది. పైకి ఒక గీతలా మిగిలింది, అంతే."

"ఎన్నిసార్లో అటే చూస్తూ లారీ పెట్టేవాణ్ణి," అన్నాడతను. "సరే మేడం, ఉంటాను."

మర్నాడు నాలుగింటికి ఫోన్ మోగలేదు. ఎందుకు మోగుతుంది? పనయిపోయింది. ఆ మర్నాడూ లేదు. పనేదో పాడుచేసుకున్నట్టు అనిపించి, అంతలోనే తన మీద తనకే కోపం వచ్చింది. సరైన మాట రాస్తే మనిషి తిరిగి పనిలోకి వెళ్లాడు, ఇంతకన్నా ఏం కావాలి? కొత్త ఫైలు తెరిచింది, మూసింది.

వారం దాటాక తనే చేసింది. అవతల ఇంజను రొద.

"చెప్పండి మేడం. రిపోర్టులో ఏదైనా తేడా వచ్చిందా?" గొంతులో కంగారు.

"లేదు లేదు. ఊరికే చేశాను."

"ఊరికేనా?" ఇంజను ఆగింది. "బండి మీదున్నాను మేడం. చెత్త దింపేశాక చేయనా?"

"మీ వీలును బట్టి."

ఆరు కావస్తుండగా ఆమె గదికి తాళం వేస్తోంది. ఫోన్ వచ్చింది. కాసేపు ఇద్దరూ వానను గురించి మాట్లాడారు. ఆ తర్వాత అతను, "ఇవాళ తిన్నారా మేడం?" అన్నాడు. లేదని ఆమె నిజమే చెప్పింది.