పద్నాలుగు సరైన డబ్బాలు

ఫొటో చూసి సామాను గుర్తుపట్టడం ఇప్పుడు మా వ్యాపారంలో సగం పని. రాణిగంజ్‌లో నేను స్పేర్ పార్టుల షాపు పెట్టి ఇరవై ఆరేళ్లయింది. పూర్వం మెకానిక్ పాత స్పార్క్ ప్లగ్గును గుడ్డముక్కలో చుట్టుకుని బస్సెక్కి వచ్చేవాడు. ఇప్పుడు ఫోన్లో ఫొటో వస్తుంది, నేను ఆటోలో డబ్బా పంపుతాను. అతనికి అరపూట మిగులుతుంది, నా కౌంటరు మీద రద్దీ తగ్గుతుంది. లెక్క చూస్తే ఇద్దరికీ లాభమే.

కానీ ఫొటోను ఊరికే నమ్మకూడదు. ప్లగ్గు మీది మరను మేం థ్రెడ్ అంటాం; పొట్టి థ్రెడ్ ప్లగ్గు, పొడుగు థ్రెడ్ ప్లగ్గు ఫొటోలో అన్నదమ్ముల్లా ఉంటాయి. పొట్టిది పెట్టాల్సిన చోట పొడుగుది పెడితే కొస లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్ దానికి కొట్టుకుంటుంది. అందుకే నా దగ్గర కొనే మెకానిక్కులందరికీ ఒకటే చెప్పాను: పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టి తీయండి. థ్రెడ్ బిళ్ళలో సగానికి కొంచెం తక్కువుంటే పొట్టిది, ముప్పావుకు దగ్గరగా ఉంటే పొడుగుది.

ఈ నియమాన్ని అందరికంటే బాగా పాటించినవాడు బ్రహ్మచారి. తిరుమలగిరిలో కంటోన్మెంటు గోడ పక్క సందులో ఆయన షెడ్డు. వాళ్ల నాన్న కొలిమి నడిపాడు, ఈయన ఇంజన్లు పట్టాడు. ఒక్క సామానుకు నాలుగు ఫొటోలు పంపేవాడు: పక్క నుంచి, కింద నుంచి, దాని మీద అచ్చేసిన నంబరు, చివరికి అది ఇంజన్లో కూర్చున్న చోటు. ఆ నాలుగోది నేను అడగకపోయినా పంపేవాడు. నాకు అన్నిటికంటే పనికొచ్చేది అదే. ఆయిల్ ఫిల్టర్లలో డబ్బా సైజు ఒకటే, రబ్బరు రింగు ఒకటే, లోపలి థ్రెడ్ మాత్రం వేరుగా ఉండే రకాలున్నాయి. తేడా ఒక మిల్లీమీటరు. ఏ ఫొటోలోనూ అది కనబడదు. ఇంజన్ను చూసి గుర్తుపట్టాల్సిందే.

నిరుడు ఎండాకాలంలో ఆయన ఫొటోలు మసకబారడం మొదలైంది. పనిలో తొందర అనుకున్నాను. తరవాత ఒకరోజు బిళ్ళ ఉండాల్సిన చోట ఇనుప వాషర్ ఉంది. ఇంకోరోజు ప్లగ్గు కొసను దగ్గర నుంచి తీసి, ఫోన్లోనే మాట రికార్డు చేసి పంపాడు.

"సేటు, బిస్కట్ రంగుంది చూడు. ఇంజన్ ఫస్ట్ క్లాస్. ఇదే నంబర్ పంపు."

ఫొటోలో కొస సున్నం పూసినట్టు తెల్లగా ఉంది, అక్కడక్కడ బుడిపెలు లేచాయి. అంటే ఇంజన్ విపరీతంగా వేడెక్కుతోంది. నంబరు చూస్తే ఆ ఇంజన్‌కు ఉండాల్సినదానికంటే ఎక్కువ వేడిని పట్టి ఉంచే రకం. ముప్ఫై ఏళ్లు ప్లగ్గు రంగు చూసి ఇంజన్ జబ్బు చెప్పిన మనిషికి తెలుపు, గోధుమ తేడా తెలియలేదు. ఆయనకు షుగరుందని నాకు తెలుసు. నా షాపులో చాయ్ తాగినప్పుడల్లా "చక్కెర ఒద్దు సేటు, నా ఒంట్లనే ఫ్యాక్టరీ ఉంది" అనేవాడు.

సంగతి ఆ రోజే నాకు అర్థమైంది.

నేను సరైన ప్లగ్గు పంపాను. ఏమీ అనలేదు.

ఎందుకనలేదో కూడా లెక్కగానే చెబుతాను. మెకానిక్‌తో "నీకు కళ్లు కనబడట్లేదు" అంటే వాడి పని పోయిందని చెప్పినట్టే. ఆ మాట విని ఆయన పక్క షాపుకు పోతాడు. వాళ్లు అడిగిందే ఇస్తారు, ఇంజన్లు పాడవుతాయి, ఆయన పేరు పోతుంది. నేను నోరు మూసుకుని సరైనది పంపితే గిరాకీ నాకు, పేరు ఆయనకు మిగులుతాయి. ఎటు చూసినా నష్టం లేదనిపించింది. అప్పటి నుంచి ఆయన మాట వినడం మానేసి ఫొటో చూడటం మొదలుపెట్టాను. నంబరు చివర ఎనిమిది అన్నచోట ఫొటోలో మూడు ఉంటే మూడు పంపాను. ఎయిర్ ఫిల్టర్ నలుచదరం అని చెప్పాడు, ఫొటోలో ఒక మూల కోసినట్టుంది. మూల కోసిందే పంపాను. ఈ సంగతి షాపులో ఎవరికీ చెప్పలేదు, నా తమ్ముడు తిరుమల్‌కు కూడా. నలుగురిలో పడితే ఆయన పరువు పోతుందనుకున్నాను.

మాఘమాసంలో మా మేనకోడలి పెళ్లికి కరీంనగర్ పోయాను. రెండు రోజులు కౌంటరు మీద తిరుమల్ ఉన్నాడు. రెండోరోజు పొద్దున బ్రహ్మచారి ఆయిల్ ఫిల్టర్ కోసం నాలుగు ఫొటోలు, ఒక మాట పంపాడు. నంబరు చివర ఆరు అన్నాడు, నంబరు ఫొటో మాత్రం మసక. తిరుమల్ మాట విన్నాడు, కింది నుంచి తీసిన ఫొటో చూశాడు, రబ్బరు రింగు సరిపోయింది, డబ్బా పంపాడు. ఇంజన్ ఫొటో తెరవలేదు. రోజూ తెరిచేది నేను.

ఆ ఫిల్టర్ యేసుదాసు సార్ వ్యాన్‌కు. సార్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారాలు చర్చివాళ్లను ఊళ్లకు తిప్పుతుంటాడు. ఆ ఇంజన్‌కు రావాల్సింది చివర ఎనిమిది నంబరు ఫిల్టర్. ఆరు నంబరుది చూడటానికి వెంట్రుకవాసి తేడా లేకుండా అలాగే ఉంటుంది, రంధ్రం మాత్రం ఒక మిల్లీమీటరు ఎక్కువ వెడల్పు. ఎక్కించి బిగిస్తే రింగు ఆనుతుంది, షెడ్డులో ఇంజన్ నడిపి చూస్తే చుక్క కారదు. రోడ్డెక్కి ఆయిల్ ప్రెషర్ పెరిగాక ఆ వదులు థ్రెడ్ ఆగదు. శామీర్‌పేట దాటాక ఫిల్టర్ ఊడిపోయింది. ఆయిలంతా రోడ్డు మీద పోయింది. ఎర్ర లైటు వెలిగిందని సార్ చూసి పక్కకు తీసేలోపే ఇంజన్ బిగుసుకుపోయింది. లోపలున్న తొమ్మిదిమందికీ ఏమీ కాలేదు.

నేను తిరిగొచ్చిన పొద్దున సార్ షాపుకు వచ్చాడు. కోపంగా లేడు, అదే నాకు కష్టమైంది.

"హరికిషన్, చారి పెట్టింది తప్పు ఫిల్టరంట. ఇరవై ఏళ్లల్లో ఒక్కసారి సుత తప్పు చెయ్యలె ఆయన. ఏమైంది ఆయనకు?"

తిరుమల్ ఫోన్ తీసి చూపించాడు. "అన్నా, ఆయనే ఆరు అన్నడు. విను. నా తప్పు ఏందీ?"

వాడి తప్పేమీ లేదు. ఫోన్లో నాలుగో ఫొటోలో ఆ వ్యాన్ ఇంజన్ నాకు చూడగానే తెలిసింది.

తిరుమలగిరి పోయేసరికి బ్రహ్మచారి షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఊడిన ఫిల్టర్ చేతిలో ఉంది. బొటనవేలు రంధ్రంలో తిప్పుతూ ఉన్నాడు.

"ఎక్కించేటప్పుడు జెర వదులు అనిపించింది సేటు. నా వేళ్లే గట్ల మొద్దుబారినయ్ కద అనుకున్న. మర్ల అనుకున్న, హరి పంపినంక తప్పెట్లైతది అని."

వాళ్లావిడ లచ్చమ్మ లోపలి నుంచి వచ్చి, "అన్నా, వేళ్లు మొద్దుబారినయని నాకు సుత చెప్పలె ఈయన" అంది.

ఆయన్ను నేనే కంటి ఆస్పత్రికి తీసుకుపోయాను. ఆయన కూతురు నవత బ్యాంకులో సెలవు పెట్టి వచ్చింది. చుక్కలు వేసి, లోపలి ఫొటోలు తీసి, డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుంది. షుగరు వల్ల కంటి వెనక రక్తం కారి తెర పాడైందని చెప్పింది. ఒక కన్నులో వెలుతురు మాత్రమే తెలుస్తుంది. రెండోది ఇంజక్షన్లతో ఉన్నంతవరకు నిలబెట్టవచ్చు, పోయింది తిరిగి రాదు. "ఒక సంవత్సరం ముందు తీసుకొచ్చుంటే చాలా వరకు కాపాడేవాళ్లం" అంది.

బయట బెంచీ మీద నవత వాళ్ల నాన్న ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఏ సామాను ఎప్పుడు తెప్పించాడో సార్‌కు చెప్పాలని వెతుకుతోంది. చాలాసేపు వేలితో పైకి జరిపింది. ఆయన పంపిన మాట వింటుంది, ఫొటో చూస్తుంది, దాని కింద నేను పంపిన డబ్బా ఫొటో చూస్తుంది. మళ్లీ పైకి జరుపుతుంది.

"హరి అంకుల్, నాన్న ఎనిమిది అడిగితే మీరు మూడు పంపిన్రు. ఇక్కడ సుత వేరే. ఇక్కడ సుత." లెక్కపెట్టింది. "పద్నాలుగు సార్లు. పోయిన ఏడాది ఏప్రిల్ నుంచి. మీకు తెల్సు కద?"

"తెల్సు బిడ్డా."

"మాకొక్క ఫోన్ చెయ్యొచ్చు కద అంకుల్. నాన్నకు కాకుంటే నాకు."

ఆమె నంబరు నా ఫోన్లో ఉంది. ఆమె పెళ్లికి నేను పోయాను. ఆయన పరువు, నా గిరాకీ, పక్క షాపు, అన్నీ లెక్కలో వేసుకున్నాను. ఆయన కన్ను మాత్రం వేసుకోలేదు.

బ్రహ్మచారి కంటికి పట్టీతో గోడకానుకుని కూర్చున్నాడు. అంతా విన్నాడు.

"అనకు బిడ్డా. పరువు పోనియ్యలె మనిషి." నావైపు తల తిప్పాడు. "కానీ సేటు, నాకు సుత అనుమానమైంది. రెండు మూడు సార్లు అనుకున్న, కండ్లు చూపించుకోవాల్నని. నువ్వు పంపిన డబ్బా తెరిచి పెడితే సరిగ్గ కూసునేది. అంటే నేను చదివింది కరెక్టే, ఏం పరేషాన్ లేదు అనుకున్న. ప్రతిసారి గట్లనే అనుకున్న."

ఆ మాటలో నింద లేదు. ఏమైందో మెకానిక్ చెప్పినట్టు చెప్పాడు.

వ్యాన్ ఇంజన్ నా ఖర్చుతో వేరేచోట చేయించాను. యేసుదాసు సార్ ఒద్దన్నా వినలేదు. ఇంజన్ బాగైంది. ఇంజన్లు బాగవుతాయి.

ఉగాది తరవాత షెడ్డు ఖాళీ చేస్తున్నామని లచ్చమ్మ ఫోన్ చేసింది. వాడకుండా మిగిలిన సామాను వాపస్ తీసుకుపొమ్మంది. పోయాను. గోడ మీది పానాలన్నీ దింపేశారు, గోడకు వాటి నీడలు మిగిలాయి. బ్రహ్మచారి చాప మీద కూర్చుని అట్టపెట్టెలోంచి ఒక్కొక్కటి తీసి నాకు అందిస్తున్నాడు. నవత పక్కన సంచిలో సర్దుతోంది. నాతో ఎక్కువ మాట్లాడలేదు.

ఆయన డబ్బా విప్పి ప్లగ్గు బయటకు తీసి వేళ్ల మధ్య తిప్పాడు. "ఇది పొడుగుది."

నా నోటిదాకా "అవును" వచ్చేసింది. పద్నాలుగు సార్లు డబ్బా పంపి చెప్పిన మాటే అది. మింగాను.

"కాదన్నా. పొట్టిది."

ఆయన ఇంకోటి తీశాడు. "ఇది సుత పొట్టిదేనా?"

"కాదు. సన్న థ్రెడ్‌ది. బైకులకు పడ్తది."

మూడోసారి ఆయిల్ ఫిల్టర్ వచ్చింది. అడుగు తడిమాడు, రబ్బరు రింగు చుట్టూ వేలు తిప్పాడు, బరువు చూశాడు. చాలాసేపు పట్టింది. "ఇది సార్ వ్యాన్‌కు పడేది. ఎనిమిదిది."

సరిగ్గా చెప్పాడు.

"అవునన్నా," అన్నాను.

"నిజంగనా?"

"నిజం. అదే."

ఆయన దాన్ని నాకివ్వలేదు. చెయ్యి పక్కకు చాపి కూతురికిచ్చాడు.

"నవతా, నంబర్ చదువు బిడ్డా."