రూపాయికి నలభై పైసలు

ఇంట్లో ఆవిణ్ణి మిరపకాయ అంటారు. కోపం ముక్కు మీదే ఉంటుందని చిన్నప్పుడు బాబాయి పెట్టిన పేరు. పిల్లాజెల్లా లేని ఆ బాబాయే పోతూ పోతూ తన విల్లు అమలుచేసే బాధ్యత ఈ మిరపకాయ నెత్తిన పెట్టి పోయాడు. కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకునే మనిషికి ఎందుకొచ్చిన తంటా! కాదనలేక ఒప్పుకుంది.

విల్లులో పెద్ద గందరగోళమేమీ లేదు. వర్క్‌షాపులోని ఇనుము చెక్కే లేతు మిషను, దాని మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మేస్త్రీకి. మిరపకాయ తమ్ముడికి ఆరు లక్షలు. మంచాన పడ్డ మూడేళ్ళూ తన ఒళ్ళు తుడిచి, మలమూత్రాలెత్తిన ఆయాకి ఆరు లక్షలు. మిరపకాయకి మూడు. ఇల్లు అమ్మితే అందరికీ సరిపోయి ఇంకా మిగులుతుందనుకున్నారు.

ఇల్లు అమ్మిన వారానికే తమ్ముడు దుకాణంలోకొచ్చి కూర్చుని ఏడ్చాడు. హోటలుకి చోటు చూసుకున్నానక్కా, అడ్వాన్సు కట్టకపోతే చెయ్యి జారిపోతుంది, నావి నాకు ముందే ఇచ్చెయ్యవే అని. అప్పులవాళ్ళెవరైనా వస్తారేమో చూసి పంచాలని లాయరు ముందే చెప్పాడు. కానీ తమ్ముడు కదా, కన్నీళ్ళు కదా. పూర్తి ఆరు లక్షలూ ఇచ్చేసింది. ఊరందరికీ చూపు సరిచేసే మనిషికి తన కళ్ళు ఆ రోజు పని చెయ్యలేదు.

రెండు నెలలకి బ్యాంకు దిగింది. బాబాయి ఎవరో స్నేహితుడి అప్పుకి హామీ ఉన్నాడట, ఆ స్నేహితుడు చేతులెత్తేశాడట. ఇల్లమ్మిన డబ్బులో సింహభాగం అక్కడికే పోయింది.

ఇప్పుడు లాయరు గదిలో, ఆయన ఎదురుగా అక్కా తమ్ముడూ కూర్చున్నారు. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. ఆయా ఇంకా రాలేదు, బస్సు దొరకలేదని కబురు పెట్టింది.

"అంత్యక్రియలూ, బ్యాంకూ పోగా తొమ్మిది లక్షలమ్మా," అన్నాడు లాయరు. "మీరు మీ తమ్ముడికిచ్చిన ఆరూ అందులోవే. విల్లులో డబ్బుగా రాసింది మొత్తం పదిహేను. అందుకని అందరికీ ఒకే లెక్కన తగ్గుతుంది, రూపాయికి అరవై పైసలు. మీ వాటాక్కూడా అంతే. అమలుచేసేదాన్ని కదా అని మీది మీరు ముందు తీసుకోడానికి లేదు."

"ఆ లేతు అమ్మేస్తే పోలా?" అన్నాడు తమ్ముడు, ఫోను చూస్తూనే. "పాత ఇనుమైనా లక్షలు చేస్తుంది."

"అది ఫలానా వస్తువు ఫలానా మనిషికని పేరుపెట్టి రాసింది బాబూ. అప్పులకి ఇంకేమీ లేకపోతే తప్ప దాన్ని ముట్టుకోకూడదు. మీ డబ్బు తగ్గిందని మేస్త్రీ వస్తువు అమ్మడం కుదరదు."

"మరి వీడు ఎక్కువ తీసుకున్నది?" అంది మిరపకాయ.

లాయరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరంతట మీరే ఇచ్చారు. మీరు వెనక్కి అడిగితే ఆయన ఇవ్వనక్కర్లేదు. ఆయాకి తగ్గిందంటే ముందు మీ మీదకే రావాలి. మీ దగ్గర రాబట్టుకోలేకపోతే అప్పుడు ఆయన మీదకి వెళ్ళొచ్చు. మీకు దుకాణముంది కదమ్మా."

తమ్ముడు అప్పుడు తలెత్తాడు. "విన్నావుగా అక్కా. నేను దొంగతనం చెయ్యలేదు, నువ్వే ఇచ్చావు."

ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. చిన్నప్పుడు వీడి పళ్ళెంలో తన వాటా ముక్క కూడా వేసేది. ఆ అలవాటే ఇప్పుడు కొంప ముంచింది.

"సరే, ఇంకేవైనా బాకీలున్నాయా?" అడిగాడు లాయరు. "అప్పులు తీరాకే విల్లులో రాసిన కానుకలు. ఒక్క అప్పు మిగిలినా ఈ లెక్కంతా మారుతుంది."

"ఏం లేవు," అన్నాడు తమ్ముడు తడుముకోకుండా. బల్ల కింద అక్క కాలు తొక్కాడు.

ఎందుకు తొక్కాడో ఆవిడకి తెలుసు. ఆసుపత్రిలో బాబాయి మాట ఇద్దరూ విన్నారు. "పదిహేను నెలలుగా దీనికి జీతమివ్వలేదే, సిగ్గుగా ఉంది" అన్నాడు ముసలాయన, ఆయా మందులకి వెళ్ళినప్పుడు. నెలకి ఇరవై వేలు. మూడు లక్షలు.

"ఆయాకి జీతం బాకీ ఉంది," అంది. "పదిహేను నెలలది."

"నీకేమైనా పిచ్చా?" తమ్ముడు లేచి నిలబడ్డాడు. "ఆమె అడగలేదు కదే! ఆరు లక్షలు రాశాడుగా, అందులోదే అనుకుంటుంది! నోరుమూసుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

"విల్లు ఎప్పటిది?" అన్నాడు లాయరు.

"జీతం ఆగడానికి ఏడాది ముందుది."

"అయితే ఆ ఆరూ జీతం కిందవి అనడానికి లేదు. జీతం అప్పు, పూర్తిగా ఇవ్వాలి. మిగిలేది ఆరు లక్షలు. రూపాయికి నలభై పైసలు." కాగితం మీద గీస్తూ అన్నాడు. "మీ తమ్ముడికి రావాల్సింది రెండు లక్షల నలభై వేలు. ఆయాకీ అంతే. మీకు లక్షా ఇరవై. మీ దగ్గరున్న మూడూ జీతానికే సరి. అంటే ఆయా కానుక మీ సొంత డబ్బులోంచి పెట్టుకోవాలి. మీది మీకు రాదు."

"చూశావా?" అన్నాడు తమ్ముడు. "నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు."

"ఆ గొయ్యి తవ్వించింది నువ్వేరా, వెధవా! నీ దగ్గర అదనంగా ఉన్నవి మూడు లక్షల అరవై. వాటిలోంచి ఆవిడకి రావాల్సినంతైనా ఇటు పెట్టు. నాది నాకొద్దు."

"హోటల్లో పెట్టేశాను."

"ఎక్కడ పెట్టావు, గల్లాపెట్టెలోనా, కడుపులోనా?"

తలుపు తోసుకుని ఆయా వచ్చింది. చెమటలు కక్కుతోంది. లాయరు కుర్చీ చూపించి లెక్కంతా నెమ్మదిగా చెప్పాడు. అంతా విని ఆమె మిరపకాయ వైపు తిరిగింది.

"ఆరు రాశానన్నాడమ్మా మీ బాబాయి. ఆ ధైర్యంతోనే జీతం అడగలేదు. వేరే ఇళ్ళవాళ్ళు రమ్మన్నా పోలేదు. ఇప్పుడు జీతమూ కానుకా కలిపినా ఆరు కాలేదు. నా జీతం నాది, అది కానుక కాదు. ఆ కానుకలో మాత్రం సగమైనా రాలేదు. మరి ఈ బాబుకి ఆరూ ఎట్లా వచ్చాయి?"

"నేనిచ్చాను ఆయమ్మా. తొందరపడి ఇచ్చాను."

"నా విషయంలో ఒక్కనాడైనా తొందర పుట్టిందా మీకు?"

మిరపకాయ చెక్కుపుస్తకాలు తీసి రెండు చెక్కులు రాసింది. ఒకటి బాబాయి ఆస్తి డబ్బు వేసిన ఖాతాది, మూడు లక్షలకి. రెండోది తన దుకాణం ఖాతాది, రెండు లక్షల నలభై వేలకి. అద్దాలు కోసే కొత్త మిషనుకని దాచిన డబ్బది. ఆయా రెండిటినీ ఒకసారి, రెండుసార్లు చదువుకుని సంచిలో పెట్టుకుంది. థాంక్సు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదని మిరపకాయకి అనిపించింది.

మెట్లు దిగుతుంటే తమ్ముడు వెనకే వచ్చాడు. ఏమీ జరగనట్టు అక్క కారు దగ్గర నిలబడి, "అక్కా, నన్ను హోటలు దగ్గర దింపెయ్యవే," అన్నాడు.

ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని పక్క సీటు తలుపు తీసింది. ఎండలో సంచి పట్టుకుని బస్‌స్టాపు వైపు నడుస్తున్న ఆయాని కేకేసి పిలిచింది. ఆయా కాసేపు నిలబడి ఆలోచించి, వచ్చి ముందు సీట్లో కూర్చుంది. తమ్ముడు వెనక తలుపు పట్టుకుని లాగాడు. తాళం వేసి ఉంది.

"అక్కా!"

"ఆటో ఎక్కు," అంది మిరపకాయ అద్దం దించి. "ఆరు లక్షలున్నాయిగా. ఇంకోసారి అక్కా అన్నావంటే పళ్ళు రాలగొడతాను."

బండి ముందుకి దూకింది.