సంతోష్‌రావు మెసేజ్‌కు జవాబు

మెట్‌పల్లిలో ఇంటి ఓనర్ సంతోష్‌రావు పొద్దున్నే ఓంప్రకాశ్‌కు మెసేజ్ పెట్టాడు: "వచ్చే నెల నుంచి కిరాయి రెండు వేలు ఎక్కువ. ఇదే ఫైనల్. మీరేమంటారు?"

ఓనర్ పేరు కనబడితే చాలు, ఓంప్రకాశ్ లోపల బడిలో చేతులు కట్టుకున్న పిల్లవాడు లేచి నిలబడతాడు.

అతడు చదివి వినిపిస్తే భార్య నవీన నవ్వింది. "ఫైనలైతే మనల్నెందుకు అడుగుతడు? దసరా దాక పెంచనని అగ్రిమెంట్ల ఆయనే సంతకం పెట్టిండు. గిది నోటీసు కాదు, బేరం. దసరా తర్వాత ఐదు వందలిస్తమను."

అతడు ఫోన్‌ను జేబులోకి తోశాడు.

"ఏమైందయ్యా?"

"సరే సార్ అని పెట్టిన. దండం బొమ్మ గూడ."

అంతలో ఫోన్ మోగింది. సంతోష్‌రావు మురిసిపోతూ అన్నాడు: "మీ అసొంటి మర్యాదస్తులు దొరకరు. ఇగ ఏదున్నా మీకే చెప్త, మేడమ్‌ను పరేషాన్ చెయ్య."