అనుభవం లేదని కాగితం

వినీత ఫోన్‌లో నాలుగు వందల పన్నెండు ఉద్యోగాలు ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఆమెకు అందేది కాదు.

బీకాం పూర్తయి మూడు నెలలైంది. యాలాల నుంచి తాండూరు పోయే ఆటోలో కూర్చున్నా ఆమె చూపు ఫోన్ మీదనే. పైన ‘ఫ్రెషర్’ అని ఉంటుంది. తెరిచి అడుగుదాకా చదివితే రెండేళ్ల అనుభవం తప్పనిసరి అంటుంది. కొన్ని ఎండాకాలంలో పెట్టినవి, ఇంకొన్ని పుణెలో, నోయిడాలో. ఇంటి దగ్గర కూర్చుని టైపు చేస్తే నెలకు ముప్పై వేలని ఒక సందేశం వచ్చింది. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలట. కట్టాలో మానాలో తెలియక దాన్ని అట్లాగే ఉంచింది.

వాళ్ల నాన్న మల్లేశ్వర్ తాండూరులో రాజేందర్ సేటు బండల పాలిష్ కార్ఖానాలో మిషన్ మీద పనిచేస్తాడు. అక్కడ బిల్లులు రాసే మనిషి మానేస్తున్నాడు. ఆ చోటుకు వినీత వస్తుందో రాదో శనివారంలోగా చెప్పమన్నాడు సేటు, లేదంటే ఇంకొకరిని పెట్టుకుంటానని. పని చెడ్డది కాదు. కాకపోతే టాలీ, జీఎస్టీ నేర్చుకున్న పిల్లకు కంపెనీ ఆఫీసులో ఒక్కసారైనా కూర్చోవాలని ఉంది. సేటు దగ్గర కుదురుకుంటే ఇక వెతకడం ఉండదని ఆమెకు తెలుసు.

మంగళవారం పొద్దున్న రైలెక్కి వికారాబాద్‌లో దిగి, జిల్లా ఉపాధి కార్యాలయానికి పోయింది. అక్కడ పద్మారాణి అనే ఉద్యోగిని ఆమె ఫోన్ తీసుకుని, ఉద్యోగాల జోలికి పోకుండా నేరుగా ప్రొఫైల్ తెరిచింది.

“రెండేండ్లు ఏడ చేసినవ్ బిడ్డా?”

వినీతకు అర్థం కాలేదు. పద్మారాణి తెర చూపించింది. అనుభవం: రెండేళ్లు, రాజేందర్ స్టోన్స్.

అప్పుడు గుర్తుకొచ్చింది. తాండూరు బస్టాండు పక్కన ఆన్‌లైన్ సెంటర్ నడిపే చంద్రకాంత్ మూడు సైట్లలో ఆమె పేరు నమోదు చేశాడు. సున్నా అని పెడితే ఎవరూ చూడరని, రెండు ఎండాకాలం సెలవుల్లో సేటు దగ్గర బండల లెక్క రాసింది కదా అని, తనే రెండు ఏళ్లని పెట్టేశాడు. వినీత కూడా సరే అనుకుంది. తాండూరులో కార్ఖానా గడప తొక్కిన ప్రతివాడూ అనుభవం ఉన్నవాడి కిందే లెక్క.

“అందుకే నీకు రెండేండ్లోళ్ల కొలువులు పైకొస్తున్నయ్,” అంది పద్మారాణి. “కొత్తోళ్లు కావాలని ఎతికే కంపెనీకి నువ్వు కనవడవు. నడిమిట్ల చిక్కినవ్.”

ఆమె మార్పించినవన్నీ వినీత నోటుబుక్కులో రాసుకుంది. సగం అప్పుడే అర్థమైంది, సగం కాలేదు. ప్రొఫైల్‌లో ఫ్రెషర్. అనుభవం దగ్గర సున్నా. ‘ఎంట్రీ లెవల్’ అనే గుర్తును ఒక్కదాన్నే నమ్మొద్దు, కంపెనీలు దాన్ని ఇష్టమొచ్చినట్టు పెడతాయి, అడుగున అర్హత చదవాల్సిందే. తేదీ దగ్గర గడిచిన వారం. బీకాం అని వెతకడం మాని అకౌంట్స్ ట్రైనీ, అప్రెంటిస్, జూనియర్ అని పనిపేరుతో వెతకాలి. కన్సల్టెన్సీలలో మంచివీ ఉంటాయి, అయినా ముందు కంపెనీలే సొంతంగా పెట్టినవి చూడాలి, అదే ఖాళీ ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉందో లేదో సరిచూడాలి. పది సైట్లు అక్కర్లేదు. నేషనల్ కెరీర్ సర్వీస్, కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్, వాటితో పాటు పెద్ద ప్రైవేటు సైటు ఒకటి చాలు. ఫీజు అడిగినవాళ్లకు జవాబే ఇవ్వొద్దు.

ఊరి పేరు దగ్గర వినీత ఆగింది. తాండూరు పెడితే ఏమీ రావు, ఇండియా అంతా పెడితే అన్నీ వస్తాయి.

“పొద్దుగాల రైలెక్కి మాపటికి ఇంటికి రాగల్గాలె గద. గా రైలు ఆగే ఊర్లు పెట్టు. వికారాబాద్, శంకర్‌పల్లి, లింగంపల్లి.”

తిరుగు రైల్లో వినీత మళ్లీ వెతికింది. ఏడు వచ్చాయి. ఏదో చెరిపేశానేమోనని ఇంకోసారి వెతికింది, అవే ఏడు. తాండూరులో దిగి చంద్రకాంత్‌కు చూపిస్తే అతడు నవ్వాడు. “నేను నాలుగు నూర్లు తెచ్చిస్తే ఏడు మిగిలించుకుని వచ్చినవా చెల్లె?” పాతదే తిరిగి పెడతానన్నాడు. వినీతకు అతడి మాట కూడా నిజమేమో అనిపించింది. ఎవరు చెబితే వాళ్లదే సబబుగా ఉంటోంది. అయినా మార్చనివ్వకుండా ఆ ఏడింటినీ చదివింది. ఐదింటికి ఆమె అర్హతలు సరిపోయాయి. కంపెనీల వెబ్‌సైట్లలో చూస్తే అందులో నాలుగు ఉన్నాయి. నాలుగింటికీ దరఖాస్తు పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం శంకర్‌పల్లి దగ్గర మందుల డబ్బాలు చేసే కంపెనీ నుంచి ఫోనొచ్చింది. అకౌంట్స్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్. మాట్లాడినామె పేరు ప్రియదర్శిని. రెండు ప్రశ్నలు అడిగి, మూడోదానికి ఆగింది. అప్రెంటిస్ పోర్టల్‌లో వినీత ఫ్రెషర్, ఇంకో సైట్‌లో దొరికిన రెజ్యూమెలో రెండేళ్లు పనిచేసిన మనిషి. ఏడాదో అంతకుమించో అనుభవం ఉన్నవాళ్లను అప్రెంటిస్‌గా తీసుకోవడానికి నిబంధన ఒప్పుకోదు. ఇందులో ఏది నిజమని అడిగింది.

వికారాబాద్‌లో మార్చింది రెండు సైట్లే. మూడోదాని పాస్‌వర్డ్ చంద్రకాంత్ దగ్గర ఉండిపోయింది.

“మేడమ్, రెండు ఎండాకాలాలు బండల లెక్క రాసిన. అంత కలిపి మూడు నెలలు. జీతం లేదు. ఏండ్లని రాసుడు తప్పే.”

ఆ ముక్కే కార్ఖానా యజమాని చేత రాయించుకుని రేపటిలోగా పంపమంది ప్రియదర్శిని.

ఆ యజమానే ఆమెను తన దగ్గర బిల్లుల పనికి పెట్టుకోవాలని చూస్తున్నాడు.

శనివారం పొద్దున్నే వినీత ముందు చంద్రకాంత్ దగ్గరికి పోయి, ఆ మూడో సైట్‌లో కూడా రెండేళ్లు తీయించింది. అక్కడి నుంచి కార్ఖానాకు పోయేసరికి మల్లేశ్వర్ మిషన్ ఆపి వచ్చి పక్కన నిలబడ్డాడు, ఒళ్లంతా రాతి దుమ్ముతో. సంగతి విని రాజేందర్ సేటు కళ్లద్దాలు తీశాడు.

“ముప్పై ఏండ్ల సంది చూస్తున్న. ఇక్కడ చేసిన్రని కాగితం ఇయ్యమంటరు గాని చెయ్యలేదని ఇయ్యమన్నోళ్లు లేరు.” మల్లేశ్వర్ వైపు తిరిగాడు. “నీ బిడ్డ నా కొలువు ఒద్దనుటానికి నాతోటే రాయిస్తున్నది, చూసినవా?”

మల్లేశ్వర్ తల వంచుకున్నాడు గాని పిల్లను వెనక్కి పిలవలేదు.

సేటు పెన్ను వెతుక్కున్నాడు. ఏమి రాయాలో అడిగి మరీ, కార్ఖానా పేరున్న కాగితం మీద రాశాడు. సెలవుల్లో మొత్తం మూడు నెలలు లెక్కలు రాయడంలో సాయపడింది, ఉద్యోగిగా తీసుకోలేదు, జీతం ఇవ్వలేదు. సంతకం పెట్టి, ముద్ర వేసి, కాగితాన్ని ఒకసారి తనే మళ్లీ చదువుకున్నాడు.

“జీతం ఇయ్యలేదని రాస్తుంటే జర సిగ్గైంది,” అన్నాడు.

వినీత అక్కడే ఫోటో తీసి పంపింది. గంటన్నరకు జవాబు వచ్చింది. సోమవారం పదింటికి, ఒరిజినల్ సర్టిఫికెట్లతో, ఈ కాగితంతో రావాలి. మల్లేశ్వర్ దాన్ని రెండుసార్లు చదివించుకుని మిషన్ దగ్గరికి పోయాడు.

వినీత మాత్రం కాగితం పట్టుకుని కదలలేదు.

“సేట్, గా మూడు నెలలు అనుభవమేనా, కాదా?”

బిల్లుపుస్తకం తెరిచి మిగిలిపోయిన బిల్లు తానే రాయడం మొదలుపెట్టిన రాజేందర్ సేటు తల ఎత్తలేదు.

“నాకేం ఎరుక బిడ్డా. సోమవారం ఆళ్లనే అడుగు. పోయేముంగట గీ కూడిక జర చూసిపో.”