కొక్కెం ఫుటు దూరంల

నాకు నోటి దురుసు ఎక్కువ. వనపర్తిల పద్నాలుగేండ్ల సంది డిప్లొమా పిల్లలకు మెషీన్ డిజైన్ చెప్తున్న. వసంత మేడం క్లాసంటే పిల్లలు గప్‌చుప్. అది గౌరవమే అనుకుంటుంటి, గిన్నొద్దులు.

ఎండకాలంల ఒకనాడు డబ్బా ఇప్పి ముద్ద నోట్ల పెట్టుకున్ననో లేదో, లాల్ అహ్మద్ ఫోన్ చేసిండు. ఆయనది వెల్డింగ్ షాపు. ఆయన బిడ్డ మహీన్ నా స్టూడెంటే.

"మేడం, కోడేరు నూనె మిల్లుల చైన్ పుల్లీకి బ్రాకెట్ పెడుతున్న. ఇనుప స్తంభం మీద పలక ఆనించి నాలుగు బోల్టులు బిగిస్త. ఎనిమిది వందల కిలోలు లేపాలె. కొక్కెం బోల్టులకు ఫుటు దూరంల ఉంటది. పదహారు సైజు బోల్టులు ఏద్దామనుకుంటున్న."

"పదహారా? ఎనిమిది వందలు నలుగురికి పంచితే తలా రెండొందలు. ఎనిమిది సైజు బోల్టు తొమ్మిదొందల దాంక తెగదు. ఎందుకయ్యా ఉత్తగ పెద్ద బొక్కలు?"

"కాదు మేడం, ఆ ఫుటు దూరం..."

"లెక్క నాకు తెల్వదా లాల్ భాయ్?" అని ఫోన్ పెట్టేసిన. అన్నం సల్లారుతుందని నా బాధ.

మూడు నెలలు చిన్నచిన్న బరువులే లేపిండ్రంట. పోయిన సోమవారం నూనె తీసే ఎక్స్‌పెల్లర్ మిషన్, ఎనిమిది వందల కిలోలది, లేపిండ్రు. బ్రాకెట్ ఊడి పడ్డది. కింద పనిచేసే జయపాల్ కాలు ఇరిగింది. ఇప్పుడు వనపర్తి దవాఖానల ఉన్నడు.

మిల్లు ఓనర్ భీమన్న నన్నే పిలిపించుకున్నడు. లెక్క తెలిసినామెను, నిజం తేలుస్తనని! నేను పోయేసరికి ఆయన లాల్ అహ్మద్ మీద ఎగురుతుండు.

"నాసిరకం బోల్టులు ఏసి మనిషి కాలు తీసినవు! ఈ చుట్టుపక్కల ఏ మిల్లుల నీకు పని దొరకనియ్య. చూడుండ్రి మేడం, మీరే చెప్పుండ్రి."

లాల్ అహ్మద్ తల వంచుకొని నిలవడ్డడు. నా పేరు ఎత్తలే.

పేపర్ల కట్టి పెట్టిన ఆ ఎనిమిది సైజు బోల్టులు ఇప్పి చూసిన. కొక్కెం దిక్కున్న రెండు కత్తితోని కోసినట్టు తెగినయి. మిగిలిన రెండు వంకర తిరిగి తెగినయి. ఫుటు దూరం! ఆయన చెప్పిండు, నేను ఇనలే.

'బోల్టులు మంచియి కావు' అంటే అయిపోతది. ఆ మాట నాలుక మీదికొచ్చింది గూడ. థూ, నా బతుకు!

సుద్దముక్క అడిగి స్తంభం మీద గీసిన. బోల్టులు చతురస్రం, నడుమ పది సెంటీమీటర్లు. బరువు కిందికి గుంజుడు తలా రెండొందలు, అది నిజమే. కానీ ఫుటు బయట వేలాడే బరువు పలకను తిప్పుతది, పొడుగు పానతోని నట్టు తిప్పినట్టు. ఎనిమిది వందలు ఇంటూ ముప్పై, ఇరవై నాలుగు వేలు. ఒక్కో బోల్టు నడిమి నుంచి ఏడు సెంటీమీటర్ల దూరం. ఆ తిప్పుడు ఒక్కో బోల్టు మీద పక్కకు ఆరొందలు, నిలువుకు ఆరొందలు. కొక్కెం దిక్కు బోల్టులకు ఆ నిలువు గూడ కిందికే. రెండొందలతోని కలిస్తే ఎనిమిది వందలు. పక్కకు ఆరొందలు, కిందికి ఎనిమిది వందలు, రెండూ కలిపి లాగితే...

"వెయ్యి కిలోలు" అన్న.

"లేపిందే ఎనిమిది వందలు, ఒక్క బోల్టు మీద వెయ్యేంది మేడం?" అన్నడు భీమన్న.

"గదే మరి. తొమ్మిదొందలకు తెగే బోల్టు మీద వెయ్యి పడ్డది. బోల్టుల తప్పు లేదు, లాల్ భాయ్ తప్పు అసలే లేదు. ఆయన పదహారు సైజు ఏస్తనన్నడు. అవి ఆరామ్‌గ ఆపుతుండె. ఎనిమిదియి చాలని చెప్పింది నేను. దూరం సంగతి చెప్పబోతే నోరు మూయించింది గూడ నేనే."

భీమన్న నా దిక్కు చూసిన చూపుకు నేలల పాతుకపోతే బాగుండనిపించింది. ఏటేటా బోర్డు మీద ఏసే లెక్క అది! పరీక్షల తప్పు చేసిన పిల్లలను నిలవెట్టి తిట్టే లెక్క.

"జయపాల్ ఇంటికి నేనే పోయి చెప్త" అని బయటికొచ్చిన.

లాల్ అహ్మద్ ఎనకే వచ్చిండు. "నా పేరు ఎందుకు చెప్పలే భాయ్?" అని అడిగిన.

"మీరు నా బిడ్డకు సదువు చెప్పేటోళ్లు మేడం. పది మందిల మీ పేరు ఎట్ల తీస్త?"

జేబుల నుంచి మడతలు వడ్డ నోట్‌బుక్ కాగితం తీసిండు. మహీన్ రాత, గుండ్రంగ. చతురస్రం, నాలుగు చుక్కలు, ముప్పై సెంటీమీటర్ల బాణం. కింద గీత కొట్టి వెయ్యి కిలోలు. పక్కన: పదహారు సైజు కావాలె, అబ్బాజాన్.

"ఆ పొద్దు మీకు ఫోన్ చేసింది దీన్ని చూసే. మీరు కాదంటే బిడ్డ లెక్కే తప్పనుకున్న. 'మేడంకన్న నీకు ఎక్కువ తెలుసా' అని మస్తు తిట్టిన. అప్పటిసంది అది షాపు లెక్కల జోలికి వస్తలేదు."

కాగితం మీద అంకెలు నా కండ్లకు అలుక్కుపోయినయి.

"నేను చెప్తే ఇనదు మేడం. లెక్క తప్పు కాదని జర మీరే చెప్పుండ్రి."