గీజరు గురించి మూడు నిమిషాలు

ఆమె సిద్ధాంత గ్రంథం రెండు వందల నలభై పేజీలు. గాలాడని స్నానాల గదుల్లో గ్యాస్ గీజర్లు వదిలే విషవాయువు మీద నాలుగేళ్ల పని. పరిశోధక విద్యార్థుల పోటీలో దాన్ని ఒకే ఒక్క స్లయిడుతో, మూడు నిమిషాల్లో, ఆ శాస్త్రం తెలియనివాళ్లకు చెప్పాలి. ఒక్క సెకను దాటినా లెక్కలో లేనట్టే.

మొదటి రిహార్సల్‌కి గైడు ఒక చరిత్ర మాస్టారిని కూర్చోబెట్టారు. ఆయన రెండో వాక్యానికే చేతులెత్తేశారు. ఇంట్లో ఎవరికైనా చెప్పి చూడమనీ, వాళ్లు ఎక్కడ బిక్కమొహం వేస్తే అక్కడ కొట్టెయ్యమనీ గైడు సలహా ఇచ్చారు.

ఇంట్లో వదిన ఉంది. టైలరు. ఆడపడుచుని ‘డాక్టరమ్మా’ అని ఏడిపిస్తుంది కానీ, ఆ చదువేమిటో ఏనాడూ అడగలేదు. మిషను ఆపకుండానే వింటానంది.

ఫోనులో టైమరు పెట్టుకుని ఆమె మొదలుపెట్టింది. కార్బాక్సీ హిమోగ్లోబిన్ అనే మాట తీసేసింది. గ్రాఫులు తీసేసింది. “ఈ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట ఇది కూర్చుంటుంది. స్నానం చేస్తుంటే తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. బయటికొస్తే తగ్గిపోతుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు. ఒకరోజు తలుపు గడియ పెట్టుకున్నవాళ్లు ఇక బయటికి రారు.”

మిషను ఆగిపోయింది.

“మా చెల్లి అలాగే పోయింది” అంది వదిన. “గుండె ఆగిందన్నారు.”

రెండేళ్ల కిందట ఆ చావుకి ఆమె కూడా వెళ్లింది. ఆ ఇంట్లో గీజరు ఎలాంటిదని అడగాలని కూడా తట్టలేదు.

“నీకు ఇదంతా అప్పుడే తెలుసా?”

తెలుసు. ఆమె ఫోనులో టైమరు ఆపేసింది.

వదిన ఒక్కసారిగా లేచి ఫోను అందుకుంది. చెల్లెలి భర్త ఇంట్లో ఇంకా ఆ గీజరే. చెల్లెలి కూతురికి పొద్దున్నే తలనొప్పి, బడి ఎగ్గొట్టే వేషాలని అందరూ నవ్వుకుంటున్నారు. గీజరు ఆపమని చెప్పి, ఇద్దరూ ఆటో ఎక్కారు. అక్కడ గీజరు వెలిగించి, స్నానాల గది తలుపు మూసి, బయట నిలబడి, లోపల పెట్టిన విషవాయువు మీటరు అంకెలను కిటికీ అద్దంలోంచి చూశారు. పది నిమిషాలకి నూట ఎనభై, ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు. పరిశోధనలో అలాంటి అంకెలు ఆమె వందల సార్లు రాసుకుంది. ఈసారి రాసుకోలేదు, బయటున్న సిలిండరు కట్టేసింది.

ఆ చావుకి కారణం అదేనని ఇప్పుడు రుజువు చెయ్యలేమని తిరుగుదారిలో ఆమె నిజమే చెప్పింది. వదిన తల తిప్పుకుంది.

“సభలో చెల్లి మాట ఎత్తకు” అంది. “జనం ఏం చెయ్యాలో చెప్పు.”

ఆమె లెక్కల భాగమంతా కొట్టేసింది. గీజరు గది బయట బిగించాలి, కిటికీ తెరవాలి, తల తిరిగితే వెంటనే బయటికి రావాలి. అంతే మిగిలింది. రెండు నిమిషాల యాభై రెండు సెకన్లు.

బహుమతి రాలేదు. చరిత్ర మాస్టారు మాత్రం సభ మధ్యలోనే లేచి, ఇంటికి ఫోను చెయ్యడానికి బయటికి పరుగెత్తారు.