యాభై అయిదు తప్పిన ట్యూబు

"మిషన్ ఖతమైంది మేడం. ఎంతసేపున్నా వేడెక్కుతలేదు," అన్నాడు ల్యాబ్ అటెండరు భిక్షం.

జూబ్లీహిల్స్‌లోని ఆ కాలేజీలో, డీఎన్ఏకి కాపీలు తీసే పీసీఆర్ మిషన్‌కి సరిగ్గా పరీక్షల రోజే మొరాయించే పాడలవాటుంది. విద్యార్థిని హరిణికి ప్రాక్టికల్ మార్కులు వేయడానికి ఇవాళే ఆఖరు. ఇప్పటికి రెండుసార్లు చేసినా కాపీలు తయారైనట్టు చూపే గీత జెల్ మీద పడలేదు. మూడోసారీ పడకపోతే కోర్సు మళ్ళీ మొదటి నుంచీ చదవాలి. రావలసిన ఇంజనీరేమో ఫిల్మ్‌నగర్‌లో షూటింగు వ్యాన్ల మధ్య ఇరుక్కుపోయాడట.

జగదాంబ మేడమ్‌కి కోపం రాలేదు సరికదా, ఎక్కడలేని హుషారొచ్చింది. "మూడు వాటర్‌బాత్‌లు దించు భిక్షం. మా రోజుల్లో మిషనెక్కడిది? చేతులే మిషన్లు."

మూడు వేడినీళ్ళ తొట్లు: ఒకటి తొంభై నాలుగు డిగ్రీలు, ఒకటి యాభై అయిదు, ఒకటి డెబ్బై రెండు. ట్యూబుల్లోది ఆవిరైపోకుండా పైన తలా ఓ నూనె చుక్క.

"తొంభై నాలుగెందుకమ్మా?" అడిగింది జగదాంబ.

"డీఎన్ఏ రెండు పోగులూ విడిపోడానికి మేడమ్. యాభై అయిదులో ప్రైమర్లనే చిన్న డీఎన్ఏ ముక్కలు వాటి చోట్లలో అతుక్కుంటాయి. డెబ్బై రెండులో ఎంజైము ప్రైమర్ కొస నుంచి కొత్త పోగు అల్లుతుంది."

హరిణి గడగడా అప్పజెప్పేసింది. జగదాంబకి అదే నచ్చలేదు.

ఒక్కో తొట్టిలో ఒక్కో నిమిషం, అలా ముప్పై విడతలు. ఆవిరి ముఖానికి కొట్టేసరికి జగదాంబకి ముప్పై ఏళ్ళ కిందటి ల్యాబ్ కళ్ళకు కట్టింది. ట్యూబులు మార్చేది తోటి విద్యార్థి రవిచంద్ర, గడియారం చూస్తూ లెక్కపెట్టేది తను. అతను కూనిరాగం తీస్తే తన లెక్క తప్పేది. ఎంత బావుండేవో ఆ రోజులు!

పన్నెండో విడతలో హరిణి తొంభై నాలుగు నుంచి తీసి నేరుగా డెబ్బై రెండులో ముంచింది. చూసుకునేసరికి నిమిషం దాటిపోయింది.

"మొత్తం పాడుచేసేశాను మేడమ్," అంది, ముఖం పాలిపోయి.

జగదాంబ చెయ్యి ట్యూబుల వైపు వెళ్ళి ఆగింది. "లోపలేం జరిగిందో చెప్పు. పుస్తకంలోది కాదు, ఆలోచించి చెప్పు."

హరిణి నీళ్ళలోని ట్యూబుల్ని చూస్తూ మొదలుపెట్టింది. "పోగులు విడిపోయాయి. కానీ డెబ్బై రెండు వేడికి ప్రైమర్లు నిలవలేవు. ప్రైమర్ లేకపోతే ఎంజైము ఎక్కడ మొదలుపెడుతుంది? అంటే ఈ విడతలో కాపీలు పెరగలేదు... అంతే కదా మేడమ్! అప్పటిదాకా తయారైనవి అలాగే ఉన్నాయి. మళ్ళీ తొంభై నాలుగు నుంచి మొదలెట్టి, ఒక విడత ఎక్కువ చేస్తే చాలు!"

"చెయ్యి మరి."

సాయంత్రం జెల్ మీద, రావలసిన చోటే, ఒకే ఒక్క గీత నిగనిగలాడింది. సరిచూడ్డానికి పెట్టిన, డీఎన్ఏ వేయని ట్యూబు వరస ఖాళీగానే ఉంది. హరిణి గంతేసింది. జగదాంబ రికార్డులో మార్కులు వేసి సంతకం పెట్టింది. కలం మాత్రం మూయలేదు.

"రవిచంద్ర అని నా స్నేహితుడు. వాడూ అచ్చం ఇదే తప్పు చేశాడు. నాలుగు నెలలు తిరిగి తెచ్చిన నమూనా, అదే ఆఖరుది. ఆ దిగులుతో ల్యాబే మానేసి సినిమా ఎడిటింగ్ రూములో చేరిపోయాడు."

"ఇంకో విడత చేసుండొచ్చుగా మేడమ్?"

"చేసుండొచ్చు. వాడూ అదే అన్నాడు, ఒక్కసారి చూద్దామని." ఆమె కలం మూసింది. "నేనే వినలేదు. ట్యూబులు లాక్కుని చెత్తబుట్టలో పారేశాను."